బగారా బైంగన్ ఇనుప కడాయిలో ఎందుకు నల్లబడింది?

"అక్కా, కొత్త క్యాస్ట్ ఐరన్ కడాయిలో బగారా బైంగన్ చేశాను. గ్రేవీ నల్లగా అయింది, నోట్లో ఇనుము రుచి తగులుతోంది. కడాయి పాడైందా? స్టీలు కొనాలా, సిల్వర్ గిన్నె చాలా?"

కడాయి పాడవలేదు, దాని పై పొర పోయింది. క్యాస్ట్ ఐరన్ మీద నల్లగా నిగనిగలాడే పొర అసలు నూనే. పల్చగా రాసిన నూనె బాగా కాగి, గట్టిపడి ఇనుముకు పట్టేస్తుంది. చింతపండు పులుపు ఆ పొరను తినేసింది. అప్పుడు కింది ఇనుము పులుసులోకి దిగింది. చింతపండులో, వంకాయలో ఉండే వగరు దానితో కలిస్తే నలుపు వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత పడేదీ ఇలాగే: కరక్కాయ వగరు పట్టించిన గుడ్డ మీద, బెల్లంతో ఇనుప ముక్కలు నానిన నీళ్లు తగలగానే నల్లబడుతుంది.

అందుకే నేను ఈ కూరను రెండు గిన్నెల్లో చేస్తాను. వంకాయలు వేయించడానికి క్యాస్ట్ ఐరన్‌కు సాటి లేదు. మీడియం మంట మీద నాలుగైదు నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి నూనె పోయండి. ఎనిమిది కాయలు ఒకేసారి వేసినా, దళసరి ఇనుములో వేడి నిలిచి ఉంటుంది కాబట్టి నూనె చల్లారిపోదు. తొక్క ముడతలు పడి, అక్కడక్కడ బుడగలు లేస్తుంది. అప్పుడు తీసేయండి.

పల్లీ, నువ్వుల ముద్దతో చింతపండు రసం ఉడికేది మాత్రం స్టీలులోనే. సిల్వర్ గిన్నె, అంటే అల్యూమినియం, వేడిని స్టీలు కంటే దాదాపు పదిహేను రెట్లు బాగా పంచుతుంది. పప్పు సన్నమంట మీద ఉడికించడానికి చాలా మంచిది. కానీ పులుపు, ఉప్పు కలిస్తే దాని పై రక్షణ పొర కరుగుతుంది. పులుసు రాత్రంతా ఉంచి పొద్దున తోమి చూడండి, అడుగున చిన్న చిన్న గుంటలు కనిపించవచ్చు.

స్టీలును పులుపు ఏమీ చేయదు, కానీ ఒకే పొర ఉన్న గిన్నెలో మంట తగిలిన చోటే గుండ్రంగా మాడుతుంది. బేగంబజార్‌లో అడిగితే ట్రైప్లై చూపిస్తారు: రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం ఉంటుంది. గ్రేవీకి నా ఓటు దానికే. ఇప్పుడే కొనలేకపోతే, బిర్యానీ దమ్‌కు పెట్టినట్టు గిన్నె కింద పాత పెనం పెట్టి సన్నమంట మీద ఉడికించండి. నూనె పైకి తేలే దాకా కలుపుతూ ఉండండి.

ఇక మీ కడాయి. కడిగి, పొయ్యి మీదే తడి ఆరనిచ్చి, చెంచాడు నూనె రాసి, గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. పొగ సన్నగా వచ్చే దాకా కాల్చి చల్లార్చండి. మూడుసార్లు ఇలా చేయండి. తర్వాత తెల్ల గుడ్డతో రుద్దితే ఎర్రటి తుప్పు మరక అంటకూడదు. అంటితే తుప్పు తోమేసి మళ్లీ మొదలుపెట్టండి.