డాలర్ గుర్తు ఎక్కడ పెట్టాలి: పాల రేటు చార్టుతో ఒక పాఠం
(తిరుపతిలో పాల కేంద్రాల లెక్కలు చూసేవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎలా కొలవాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. కొలిచిన అంకెలు షీట్‌లోకి ఎక్కాక, మొదటి గడిలో సరిగ్గా పనిచేసిన ఫార్ములా కిందికి లాగగానే ఎందుకు చెడిపోతుందో ఈ పూట చూద్దాం. నేను వాడే రేట్లన్నీ లెక్క తేలికగా ఉండటానికి ఎంచుకున్నవి; మీ డెయిరీ ఇచ్చే రేట్లు వేరుగా ఉంటాయి.

రెండో వరుస నుంచి 61వ వరుస దాకా అరవై మంది పాడి రైతులు ఉన్నారు. బి కాలమ్‌లో ఫ్యాట్, సి కాలమ్‌లో ఎస్‌ఎన్‌ఎఫ్. డి కాలమ్‌లో పాల రకం రావాలి: ఫ్యాట్ 4.5, ఆ పైన ఉంటే ఏ, 3.5 నుంచి బి, అంతకన్నా తక్కువైతే సి. హద్దులు రేపు మారవచ్చు కాబట్టి వాటిని ఫార్ములాలో రాయకుండా విడిగా పెట్టారు. H2లో 4.5, H3లో 3.5. మంచి పద్ధతే. D2లో ఇలా రాశారు:

```
=IF(B2>=H2,"A",IF(B2>=H3,"B","C"))
```

D2లో జవాబు సరిగ్గానే వస్తుంది. కిందికి లాగండి. D3లో B2 కాస్తా B3 అవుతుంది, అది మనకు కావలసిందే. కానీ దాంతోపాటు H2 కూడా H3 అవుతుంది, H3 ఏమో H4 అవుతుంది. H4 ఖాళీ గడి. పోలికలో ఖాళీ గడి అంటే సున్నా. అందుకే D3 దగ్గర 3.8 ఫ్యాట్ పాలు బి కావలసింది ఏ అవుతాయి, 3.2 పాలు సి కావలసింది బి అవుతాయి. D4కి వచ్చేసరికి రెండు హద్దులూ సున్నాలే. అక్కడి నుంచి 61వ వరుస దాకా అందరూ A రకమే. ఎక్కడా ఎర్రర్ రాదు. A రకానికి బోనస్ ఉంటే అది కూడా అందరికీ పడిపోతుంది. ఎక్కువ వచ్చిందని ఫిర్యాదు చేసే రైతు ఎవరు చెప్పండి?

సరైనది ఇది:

```
=IF(B2>=$H$2,"A",IF(B2>=$H$3,"B","C"))
```

అక్షరం ముందు డాలర్ పెడితే కాలమ్ కదలదు, అంకె ముందు పెడితే వరుస కదలదు. రైతుతో పాటు మారాల్సిన B2కి డాలర్ వద్దు. అందరికీ ఒకటే అయిన హద్దులకు కావాలి. ఫార్ములా రాసేటప్పుడు కర్సర్ H2 మీద ఉంచి F4 నొక్కితే $H$2, H$2, $H2, H2 అని వరసగా మారుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో Fn కూడా పట్టుకోవాలి. ఫోన్‌లో అయితే డాలర్ చేత్తో కొట్టవచ్చు.

ఇక్కడిదాకా సులువు. ఇబ్బందంతా రేటు చార్టు దగ్గర, ఎందుకంటే అక్కడ ఫార్ములా కిందికీ పోవాలి, పక్కకీ పోవాలి. Chart అనే వేరే షీట్‌లో B1లో కిలో ఫ్యాట్ ధర 400, B2లో కిలో ఎస్‌ఎన్‌ఎఫ్ ధర 250. A4 నుంచి A24 దాకా ఫ్యాట్ 3.0 నుంచి 5.0 వరకు. B3 నుంచి K3 దాకా ఎస్‌ఎన్‌ఎఫ్ 8.0 నుంచి 8.9 వరకు. B4లో ఒక్కసారి రాసి, K4 దాకా పక్కకు లాగి, ఆ వరుసను 24 దాకా దించాలి:

```
=ROUND($A4*$B$1/100+B$3*$B$2/100,2)
```

ఫ్యాట్ ఎప్పుడూ A కాలమ్‌లోనే ఉంటుంది, వరుస మాత్రం మారుతుంది. అందుకే $A4. ఎస్‌ఎన్‌ఎఫ్ ఎప్పుడూ మూడో వరుసలోనే ఉంటుంది, కాలమ్ మారుతుంది. అందుకే B$3. ధరలు రెండూ కదలకూడదు. B4లో 32.00, K24లో 42.25 రావాలి. ఇవి కిలో పాలకు రేట్లని మరవకండి. మీరు లీటర్లలో కొలుస్తుంటే ముందు కిలోల్లోకి మార్చాలి.

A4కి డాలర్ మరిచిపోతే C4లో ఫ్యాట్ బదులు పక్కనున్న 32 రూపాయలు పడి 148.25 వస్తుంది, దాని పక్కన 613.50. చూడగానే దొరికిపోతుంది. భయపడాల్సింది డాలర్ ఎక్కువైనప్పుడు. B$3 బదులు $B$3 పెట్టారనుకోండి, ప్రతి కాలమ్‌కూ 8.0 రేటే పడుతుంది. అంకెలు అన్నీ ముప్పైల్లో, నలభైల్లో నమ్మేలాగే ఉంటాయి. 8.5 ఎస్‌ఎన్‌ఎఫ్ పోసే రైతుకు మాత్రం కిలోకు 1.25 రూపాయలు పోతాయి. 'ఎందుకైనా మంచిది, అన్నిటికీ F4 నొక్కేద్దాం' అనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

చార్టు బాగుంది. ఇప్పుడు మొదటి షీట్‌కి వచ్చి E2లో రేటు తెచ్చుకుందాం:

```
=INDEX(Chart!$B$4:$K$24,
 MATCH(B2,Chart!$A$4:$A$24,1),
 MATCH(C2,Chart!$B$3:$K$3,1))
```

చివర ఉన్న 1 వల్ల చార్టులో లేని అంకె వస్తే దాని కింది మెట్టు రేటు తీసుకుంటుంది. ఇందులో మొదటి MATCHలోని డాలర్లు ఒక్కటే వదిలేశారనుకుందాం. నేను చూసినంతలో మోసపోవడానికి ఇంతకన్నా తేలికైన తప్పు లేదు. అందరి పాలూ 4.0 ఫ్యాట్, 8.5 ఎస్‌ఎన్‌ఎఫ్ అనుకోండి. E2లో 37.25, సరైనదే. E3లో వెతికే చోటు A5 నుంచి మొదలవుతుంది, కాబట్టి 4.0 పదకొండో స్థానం నుంచి పదో స్థానానికి జరుగుతుంది. INDEX మాత్రం కదలని చార్టులో పదో వరుస, అంటే 3.9 రేటు తెస్తుంది: 36.85. E4లో 36.45. ఇలా మెట్టుకు నలభై పైసలు దిగుతూ E12లో 33.25 అవుతుంది. E13లో వెతికే చోటు 4.1తో మొదలవుతుంది కాబట్టి అప్పుడు #N/A వస్తుంది.

ఎర్రర్ 13వ వరుసలో కనబడింది కాబట్టి అక్కడి నుంచి సరిచేసి, పైన పది మందిని అలాగే వదిలేయడం మామూలుగా జరిగే పని. ఇంకొందరు IFERROR తగిలించి ఖాళీగా చూపిస్తారు, అదింకా ఘోరం. తప్పు మొదలైంది ఎర్రర్ దగ్గర కాదు, రెండో రైతు దగ్గర. E2ను సరిచేసి మొత్తం మళ్లీ లాగాలి.

పరీక్ష ఎలా అంటే, కాలమ్‌లో చివరి గడికి వెళ్లి F2 నొక్కండి. E61లో B61, C61 మాత్రమే మారి ఉండాలి, చార్టు చిరునామాలన్నీ E2లో ఉన్నట్టే ఉండాలి. చార్టులో అయితే K24 చూడండి: $A24, K$3 కనబడాలి. ఆ గడి ఒక్కటీ చేత్తో లెక్కేస్తే చాలు, 20 కీ 22.25 కీ కూడిక.

డాలర్ పెడితే చిరునామా ఎన్నటికీ మారదని కొందరు నమ్ముతారు. అది కాపీ చేసేటప్పటి మాట. పైన ఒక వరుస ఇన్సర్ట్ చేస్తే $H$2 తనంతట తానే $H$3 అవుతుంది, అలా అవడమే మనకు మేలు. కానీ చార్టు చివర, K దాటి L కాలమ్‌లో 9.0 ఎస్‌ఎన్‌ఎఫ్ కొత్తగా రాస్తే INDEX పరిధి పెరగదు. 9.0 పాలకు చప్పుడు లేకుండా 8.9 రేటే పడుతుంది. అందుకని K మీద కొత్త కాలమ్ ఇన్సర్ట్ చేయండి. పాత K పక్కకు జరిగి L అవుతుంది, పరిధి కూడా $L$24 దాకా పెరుగుతుంది. తర్వాత K3లో 8.9, L3లో 9.0 రాసి, J4 నుంచి J24 దాకా ఉన్న ఫార్ములాను K కాలమ్‌లోకి లాగండి. L24లో 42.50 రావాలి.