శస్త్రచికిత్స తరువాత ఇంటిదారి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న డ్రైవర్ సోదరులకు నమస్కారం. ఫిజియోథెరపిస్టుగా నా అనుభవాలు చెప్పమన్నారు. అనుభవాల కంటే ముందు నా దగ్గర ఒక ఫిర్యాదు ఉంది, దాన్నే విన్నవించుకుంటాను. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లుంటాయి, కుట్లు విప్పే తేదీ ఉంటుంది. రోగి ఏ బండిలో, ఏ దారిన, ఎలా కూర్చుని ఇల్లు చేరాలో మాత్రం నేను చూసిన కాగితాల్లో ఒక్క ముక్క కనిపించలేదు.

అన్ని ఆపరేషన్ల జోలికీ పోను. తుంటి ఎముక విరిగి, కృత్రిమ కీలు వేయించుకున్న పెద్దవాళ్ల సంగతే చూద్దాం. వెనుకవైపు నుంచి కోత పెట్టి కీలు అమర్చినప్పుడు, తుంటిని 90 డిగ్రీలకు మించి వంచవద్దని, కాలు మీద కాలు వేయవద్దని, ఆ కాలిని లోపలికి తిప్పవద్దని సాధారణంగా చెబుతారు. కూర్చున్నప్పుడు మోకాలు తుంటి కంటే ఎత్తుకు లేచిందంటే ఆ హద్దు దాటినట్టే, కీలు జారే ప్రమాదం అక్కడే ఉంది. చాలా కార్లలో సీటు పల్లంగా, వెనక్కి వాలి ఉంటుంది కనుక ఏమీ సర్దకుండా కూర్చోబెడితే జరిగేది అదే.

ఒక పెద్దావిడ కోసం కొడుకులు ప్రేమకొద్దీ చాలా ఎత్తయిన బండి తెచ్చారు. ఆవిడ వాకర్ పట్టుకుని దానివంక చూసి, "ఇది ఎక్కాలంటే నాకు ఇంకో ఆపరేషన్ చేయించాలిరా నాయనా" అన్నది. చివరకు మధ్యస్థమైన ఎత్తున్న కారు పిలిపించాం. ఆ కారు డ్రైవరు చేసిన పని ఇక్కడున్న ప్రతి డ్రైవరూ నేర్చుకోదగినది. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, వీపును కాస్త వాల్చాడు. పల్లంగా ఉన్నచోట గట్టిగా మడిచిన దుప్పటి పరిచి, జారడానికి వీలుగా పైన ఒక ప్లాస్టిక్ కవరు వేశాడు. ఎత్తుగా ఉన్న నడకదారి అంచుకు బండిని ఆనించకుండా కాస్త దూరంగా ఆపాడు. ఆ అంచు మీద నిలబడితే సీటు మరింత కిందికి పోయినట్టవుతుంది కదా.

ఆవిడ బండికి వీపు పెట్టి, పిక్కలు సీటుకు తగిలేదాకా వెనక్కి నడిచి, ఆపరేషన్ కాలు ముందుకు చాపి మెల్లగా కూర్చున్నది. ఊగే తలుపును పట్టుకోనివ్వలేదు. తరువాత వెనక్కి వాలి, రెండు కాళ్లూ కలిపి ఒకేసారి లోపలికి తిప్పుకున్నది. సీటు బెల్టు పెట్టేముందు ఆ డ్రైవరు ప్లాస్టిక్ కవరు లాగేశాడు. బ్రేకు పడితే రోగి బెల్టు కిందినుంచి జారిపోకూడదని అతనికి తెలుసు. వీపును మరీ పడుకున్నట్టు వాల్చినా అదే ప్రమాదం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, కానీ గతుకుల మాట చెప్పకుండా దిగను. కుదుపు ఎక్కువ తగిలేది వెనుక ఇరుసు మీద, రెండు ఇరుసుల మధ్య తక్కువ. అంబులెన్సే మేలు కదా అని మీరడగవచ్చు. కూర్చోలేనివారికి, ఆక్సిజన్ కావలసినవారికి, వెన్నెముక దెబ్బ తిన్నవారికి అదే తప్పనిసరి. కూర్చోగలిగినవారికి మాత్రం, బరువులు మోసే గట్టి స్ప్రింగుల మీద కట్టిన బండి తక్కువ బరువుతో పోతున్నప్పుడు బాగా ఎగిరిపడుతుందని గుర్తుంచుకోవాలి.

ఆవిడ ఇంటికి రెండు దారులు. దగ్గరి దారి నిండా అతుకులు, గోతులు. చుట్టుదారి పన్నెండు కిలోమీటర్లు ఎక్కువే అయినా నునుపు. పెద్దకొడుకు ముందురోజే రెండింటి మీదా వెళ్లి చూసి చుట్టుదారి ఎంచుకున్నాడు, ఫోన్‌లోని మ్యాపు సమయం చూపుతుందే గానీ గుంతలు చూపదు కనుక. స్పీడ్ బ్రేకర్ దగ్గర డ్రైవరు ముందే "అమ్మా, ఎక్కుతున్నాం" అని చెప్పి, ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేలా నడక వేగంతో దాటించాడు. ఏటవాలుగా దాటిస్తే మనిషి పక్కలకు ఊగుతుంది. గోతిని తప్పించలేనప్పుడు ముందుగానే వేగం తగ్గించి, చక్రం దిగేలోపు బ్రేకు వదిలేయాలి. బ్రేకు నొక్కి ఉంచితే బండి ముక్కు కిందికి వంగి దెబ్బ గట్టిగా తగులుతుంది.

డాక్టరు రాసిన నొప్పి మాత్ర బయలుదేరడానికి అరగంట ముందు వేసుకోవాలి. గంటకోసారి బండి ఆపి నాలుగడుగులు నడిపించాలి, కూర్చున్నంతసేపూ పాదాలను పైకీ కిందికీ ఆడించమనాలి. రక్తం గడ్డకట్టకుండా ఇవి తోడ్పడతాయి. పిక్క ఉబ్బి నొప్పెట్టినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఇంటికి కాదు, దగ్గరలోని ఆసుపత్రికి తిప్పాలి. ఒక్కసారిగా తుంటిలో నొప్పి లేచి, కాలు పొట్టిగా, లోపలికి తిరిగినట్టు కనిపిస్తే కీలు జారినట్టు అనుమానించి, ఆ కాలి మీద నిలబెట్టకుండా తీసుకుపోవాలి.

డ్రైవర్ సోదరుల్లో ఒకరు తమ కారును ఈ హాలు ముందున్న చదునైన చోటికి తెప్పించండి. దుప్పటి, ప్లాస్టిక్ కవరు నేను తెచ్చాను. ఎక్కించడం చూపించాక, దించడం మీచేత చేయిస్తాను.