గూగుల్‌లో నొక్కేది ఒకటి, తెరుచుకునేది ఇంకొకటి

యాంకర్: నమస్కారం. ఈ వారం మనతో హైదరాబాద్‌లో లాప్‌టాప్ రిపేర్ షాపు నడిపే అన్న ఉన్నారు. అన్నా, సూటిగా అడిగేస్తాను. గూగుల్‌లో ఏదో వెతుకుతాం, రిజల్ట్ మీద నొక్కుతాం, రమ్మీ సైటో లోన్ యాడో తెరుచుకుంటుంది. వైరసేనా?

టెక్నీషియన్: షాపుకి వచ్చేవాళ్లదీ అదే మాటమ్మా. "వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టేయండి" అంటారు. నేను ముందు అడిగేది ఒకటే. తేడా ఎక్కడ మొదలవుతోంది? పైన అడ్రస్ బార్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టగానేనా, లేక రిజల్ట్ మీద నొక్కాకా?

యాంకర్: ఎక్కడ మొదలైతే ఏముంది, చివరికి చేరేది యాడ్‌కే కదా.

టెక్నీషియన్: అక్కడే తెలిసిపోతుంది. బ్రౌజర్‌లో సెర్చ్ సెట్టింగ్ చేసే పని చాలా చిన్నది. మీరు అడ్రస్ బార్‌లో రాసిన మాటల్ని ఏ సెర్చ్ ఇంజిన్‌కి పంపాలో చెబుతుంది, అంతే. రిజల్ట్స్ పేజీ వచ్చాక దాని పని అయిపోయింది. మీరు ఏ లింకు నొక్కారో దానికి తెలియదు. కాబట్టి పేజీ నిజంగా గూగుల్‌దే అయి, రిజల్ట్స్ సరిగ్గానే ఉండి, నొక్కాక వేరేచోటికి పోతుంటే అది సెట్టింగ్ పని కాదు. మధ్యలో ఎవరో చెయ్యి పెడుతున్నారు.

యాంకర్: "నిజంగా గూగుల్‌దే అయి" అన్నారు. కాకపోతే?

టెక్నీషియన్: చాలామంది పొరపడేది అక్కడే. పేజీ తెల్లగా, మధ్యలో పెట్టెతో అచ్చం గూగుల్ లాగే ఉంటుంది. పైన అడ్రస్ చూస్తే మాత్రం ఎప్పుడూ వినని పేరు. ఆ పేజీలో మొదటి అయిదారు రిజల్ట్స్ యాడ్లే. మీరు నొక్కింది సరిగ్గానే తెరుచుకుంది, కాకపోతే అసలు నొక్కిందే యాడ్. ఇంకొకటి, బ్రౌజర్‌లో దూరి దారి మళ్లించే కొన్ని హైజాకర్ ప్రోగ్రామ్‌లు ఓ తెలియని సైటు మీదుగా తిప్పి చివరికి యాహూలోనో బింగ్‌లోనో వదిలేస్తాయి. జనం యాహూని తిట్టుకుంటారు పాపం.

యాంకర్: ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

టెక్నీషియన్: తేల్చుకోవచ్చు. అడ్రస్ బార్‌లో మాటలు కాకుండా `google.com` అని పూర్తిగా టైప్ చేసి, ఆ పేజీలో వెతకండి. అక్కడి లింకులు సరిగ్గా తెరుచుకుంటే మారింది సెట్టింగే. క్రోమ్‌లో `chrome://settings/search` తెరిచి మార్చేస్తే సరిపోతుంది. అయితే ఆ పేజీలోనే, ఫలానా ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, ఈ సెట్టింగ్‌ని నడిపిస్తోందని పేరుతో సహా కనిపించవచ్చు. అప్పుడు ఆ ఎక్స్‌టెన్షన్ తీయకుండా సెట్టింగ్ ఒక్కటే మార్చాలంటే కుదరదు. ఒకవేళ `google.com`లో వెతికినా క్లిక్కులు పక్కకి పోతుంటే, ఇక సెట్టింగ్స్ వైపు చూడక్కర్లేదు.

యాంకర్: ఈమధ్య అలాంటిది ఏదైనా వచ్చిందా?

టెక్నీషియన్: ఓ డిగ్రీ అమ్మాయి లాప్‌టాప్ వచ్చింది. అప్లికేషన్‌కి సర్టిఫికెట్లన్నీ ఒకే పీడీఎఫ్ చేయాలని ఏదో ఫ్రీ కన్వర్టర్ దించుకుందట. అప్పట్నుంచి యూనివర్సిటీ సైటు నొక్కితే రమ్మీ. వెనక్కి వచ్చి అదే లింకు మళ్లీ నొక్కితే సరిగ్గా తెరుచుకుంటోంది. వాళ్ల నాన్నేమో "నువ్వే ఎక్కడో తప్పు నొక్కి ఉంటావు" అంటున్నారు.

యాంకర్: రెండోసారి ఎందుకు బాగుంటోంది?

టెక్నీషియన్: కావాలనే అలా రాస్తారు. ప్రతిసారీ పక్కకి తోస్తే మొదటిరోజే దొరికిపోతుంది. అప్పుడప్పుడు తోస్తే మనమీద మనకే అనుమానం. అందుకే ఒక్క క్లిక్కు బాగుందని వదిలేయకూడదు, వేర్వేరు లింకులు చాలాసార్లు నొక్కి చూడాలి. ఆ నొక్కిన క్షణంలో అడ్రస్ బార్ మీద కన్నేసి ఉంచండి. మధ్యలో ఓ వింత పేరు మెరిసి మాయమవుతుంది.

యాంకర్: తర్వాత?

టెక్నీషియన్: సెర్చ్ సెట్టింగ్ చూశాను, గూగులే ఉంది. ఇన్‌కాగ్నిటో విండో తెరిచాను. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు. అక్కడ ఎన్నిసార్లు నొక్కినా తేడా లేదు. అంటే దొంగ ఎక్స్‌టెన్షనే. `chrome://extensions` తెరిస్తే ఆ పీడీఎఫ్ పేరుతో ఒకటుంది. దాని వివరాల్లో "Read and change all your data on all websites" అని ఉంది. అంటే ప్రతి సైటునీ చదువుతుంది, మారుస్తుంది. పీడీఎఫ్‌లు కలపడానికి ఆ అనుమతి దేనికమ్మా?

యాంకర్: తీసేస్తే అయిపోయిందా?

టెక్నీషియన్: తీయనివ్వదే! రిమూవ్ బటనే లేదు, ఆఫ్ చేసే స్విచ్ కూడా కదలదు. క్రోమ్ మూడు చుక్కల మెనూ తెరిస్తే అడుగున "Managed by your organization" అని ఉంది. ఇంట్లో వాడుకునే లాప్‌టాప్‌కి ఆర్గనైజేషన్ ఎక్కడిది? ఆఫీసు ఐటీ వాళ్లు ఉద్యోగుల సిస్టమ్స్‌లో ఎక్స్‌టెన్షన్లు తప్పనిసరి చేయడానికి పాలసీలనే ఏర్పాటు వాడతారు. ఆ దారినే ఈ కన్వర్టర్ కూడా పట్టింది. `chrome://policy` తెరిస్తే `ExtensionInstallForcelist` అనే వరుస, పక్కన ఆ ఎక్స్‌టెన్షన్ ఐడీ కనిపించాయి.

యాంకర్: ఆ మాట కనిపిస్తే సిస్టమ్ పాడైనట్టేనా?

టెక్నీషియన్: అలా అనుకోవద్దు. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పాలసీ పెడతాయి. ఇక మీది ఆఫీసు లాప్‌టాప్ అయితే అది ఉండాల్సిందే, ముట్టుకోకండి, ఐటీ వాళ్లకి చెప్పండి. సొంత లాప్‌టాప్‌లో, మీరు పెట్టని ఎక్స్‌టెన్షన్ ఐడీ పాలసీలో ఉంటేనే అనుమానించాలి. అంటే బ్రౌజర్ బయట, విండోస్‌లోనే ఓ ప్రోగ్రామ్ కూర్చుని ఉందన్నమాట.

యాంకర్: దాన్ని ఎలా పట్టుకున్నారు?

టెక్నీషియన్: విండోస్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయిన యాప్‌లని తేదీ ప్రకారం పేర్చాను. కన్వర్టర్ వచ్చిన రోజే ఆ అమ్మాయి ఎరగని ప్రోగ్రామ్ ఇంకోటి దిగింది. రెండూ తీశాను. ఆ తర్వాతే, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో `HKEY_LOCAL_MACHINE\SOFTWARE\Policies\Google\Chrome` దగ్గరికి వెళ్లి, బ్యాకప్ తీసుకుని, ఆ ఒక్క ఎంట్రీ కొట్టేశాను. ముందే రిజిస్ట్రీ తుడిస్తే ప్రోగ్రామ్ మళ్లీ రాసేస్తుంది, ఈ వరస తప్పకూడదు. రీస్టార్ట్ చేశాక కూడా తిరిగొస్తే ప్రోగ్రామ్‌లని వాటంతట అవే నడిచేలా చేసే టాస్క్ షెడ్యూలర్‌లో వెతకాలి. రిజిస్ట్రీ అలవాటు లేనివాళ్లు ఆ పని తెలిసినవాళ్లకి వదిలేయండి. చివర్లో డిఫెండర్‌తో ఫుల్ స్కాన్, క్రోమ్ రీసెట్. రీసెట్ వల్ల బుక్‌మార్కులు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు పోవు.

యాంకర్: పాస్‌వర్డ్‌లంటే గుర్తొచ్చింది, అవి భద్రమేనా?

టెక్నీషియన్: ప్రతి సైటునీ చదివే అనుమతి దానికి ఉంది కదా, టైప్ చేసినవి చూసిందో లేదో మనం చెప్పలేం. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఫోన్‌లోంచి మార్చుకోమన్నాను. ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలుగా పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ అయితే క్రోమ్ సింక్ ద్వారా అదే అకౌంట్‌తో ఉన్న ఇంకో కంప్యూటర్‌కి కూడా పోయి ఉంటుంది. అక్కడా చూసుకోవాలి.

యాంకర్: ఇన్‌కాగ్నిటోలో కూడా పక్కకే పోతుంటే?

టెక్నీషియన్: అదే వైఫైలో ఫోన్‌తో, తర్వాత మొబైల్ డేటాతో నొక్కి చూడండి. వైఫైలో మాత్రమే తేడా అయితే రౌటర్‌లో డీఎన్ఎస్, అంటే సైటు పేరుని బట్టి అది ఏ సర్వర్‌లో ఉందో చెప్పే ఏర్పాటు, ఎవరైనా మార్చారేమో చూడాలి. ఒకప్పుడు ఇది పెద్ద వ్యాపారం. డీఎన్ఎస్‌ఛేంజర్ అనే మాల్వేర్ లక్షల కంప్యూటర్లలో ఇదే పని చేస్తే, 2011లో ఎఫ్‌బీఐ దర్యాప్తుతో ఎస్టోనియాకి చెందిన ముఠా పట్టుబడింది. ఇప్పుడు గూగుల్ లాంటి సైట్లన్నీ, తాము అసలైనవేనని సర్టిఫికెట్‌తో రుజువు చేసుకునే హెచ్‌టీటీపీఎస్ మీద ఉంటాయి కాబట్టి ఆ పద్ధతిలో పోతే బ్రౌజర్ సర్టిఫికెట్ హెచ్చరిక ఇస్తుంది. అందుకే ఇప్పటివాళ్లు ఎక్స్‌టెన్షన్ల మీద పడ్డారు.

యాంకర్: అన్ని లింకులూ బాగుండి, ఒక్క సైటే ఇలా చేస్తే?

టెక్నీషియన్: అయితే మీ లాప్‌టాప్ తప్పేం లేదు, ఆ సైటునే ఎవరో హ్యాక్ చేశారు. చిన్న కాలేజీలు, ఆస్పత్రుల వర్డ్‌ప్రెస్ సైట్లలో ఇది ఎక్కువ. హ్యాకర్లు అందులో పెట్టిన కోడ్ గూగుల్ నుంచి వచ్చినవాళ్లనే యాడ్‌కి తోస్తుంది. నేరుగా అడ్రస్ టైప్ చేసి వచ్చినవాళ్లకి మామూలు పేజీ చూపిస్తుంది. ఓనర్ ఎప్పుడూ నేరుగానే తెరుస్తాడు కాబట్టి "మాకు బాగానే ఉందే" అంటాడు. మీరు ఫోన్ చేస్తే, గూగుల్‌లో వెతికి నొక్కి చూడమని చెప్పండి.