ఏడాది ప్లాన్లు చెప్పకుండా రెన్యూ అవకుండా: గూగుల్ షీట్స్, క్యాలెండర్ పద్ధతి రివ్యూ

నమస్తే అండీ. ఈ వీడియోలో రివ్యూ చేస్తున్నది కొనుక్కునే యాప్‌ని కాదు. గూగుల్ షీట్స్‌లో ఒక చిన్న పట్టిక, గూగుల్ క్యాలెండర్‌లో కొన్ని ఎంట్రీలు, అంతే. చిన్న ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్, ఏసీల ఏఎంసీ లాంటి ఏడాది ఒప్పందాలకు ఇది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

చాలామంది క్యాలెండర్‌లో రెన్యూవల్ తేదీ రాసుకుంటారు. ఆ రోజు గుర్తొచ్చినా చేయగలిగేది ఏమీ ఉండదు, ఎందుకంటే చాలా ఒప్పందాల్లో "గడువు ముగియడానికి కనీసం ఇన్ని రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పకపోతే ఇంకో ఏడాదికి పొడిగించినట్టే" అని ఉంటుంది. కాబట్టి రాసుకోవాల్సింది నోటీసు ఇవ్వడానికి ఆఖరి రోజు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జీతాల లెక్కల సాఫ్ట్‌వేర్, 2025 ఏప్రిల్ 1న మొదలైంది, 12 నెలలు, నోటీసు 60 రోజులు. షీట్‌లో రెండో వరుసలో, A కాలమ్‌లో పేరు, Bలో ప్రస్తుత గడువు మొదలైన తేదీ, Cలో నెలలు, Dలో నోటీసు రోజులు వేయండి. తర్వాతి మూడు కాలమ్‌లకు, అంటే E, F, Gలకు వరుసగా ఈ ఫార్ములాలు:

```
=EDATE(B2,C2)-1
=IF(D2="","CHECK",E2-D2)
=IF(D2="","CHECK",F2-30)
```

తేదీకి బదులు అంకె కనిపిస్తే కంగారు పడకండి, ఆ కాలమ్‌కి డేట్ ఫార్మాట్ ఇస్తే సరిపోతుంది. ఇప్పుడు Eలో 2026 మార్చి 31 వస్తుంది, అది గడువు ముగిసే రోజు. Fలో 2026 జనవరి 30, అది నోటీసుకు ఆఖరి రోజు. Gలో 2025 డిసెంబర్ 31, ఉంచాలా తీసేయాలా అన్న ఆలోచన మొదలుపెట్టాల్సిన రోజు. నాకు ఈ మూడింటిలో Gయే ముఖ్యం, ఎందుకంటే వచ్చే ఏడాది ధర ఎంత అని అడిగి, సమాధానం తెప్పించుకుని, వేరే కంపెనీ కొటేషన్‌తో పోల్చుకోవడానికి ఆ నెల రోజులు కావాలి. ధర వాళ్లంతట వాళ్లే చెప్తారని ఆగితే ఆ మెయిల్ నోటీసు గడువు దాటాక రావొచ్చు.

ఆ IF ఎందుకంటే, అది లేకుండా D ఖాళీగా ఉంటే షీట్ దాన్ని సున్నాగా తీసుకుని గడువు ముగిసే రోజునే నోటీసు తేదీగా చూపిస్తుంది. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది, అదే ప్రమాదం. CHECK అని కనిపిస్తే ఒప్పందం కాగితం తీసి ఆ నిబంధన చదవాలని అర్థం.

ఇంకో ఇబ్బంది తేదీల ఫార్మాట్. File మెనూలో Settings తెరిచి Locale దగ్గర United States ఉందేమో చూడండి. ఉంటే మీరు 01/04/2025 అని కొట్టిన ఏప్రిల్ 1 కాస్తా జనవరి 4 అయిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. India పెట్టుకున్నాక తేదీలు మళ్లీ కొట్టండి, నెల పేరు కనిపించే ఫార్మాట్ ఎంచుకుంటే తప్పు వెంటనే కంటికి తగులుతుంది.

ఇక క్యాలెండర్. Renewals అని విడిగా ఒక క్యాలెండర్ తెరిచి F, G తేదీలను రోజంతా ఉండే ఈవెంట్లుగా వేయండి. దాని సెట్టింగ్స్‌లో All-day event notifications దగ్గర ఈమెయిల్ పెట్టుకోండి, ఎందుకంటే ఫోన్ నోటిఫికేషన్ ఒక్కసారి వేలితో తోసేస్తే పోయినట్టే. ఆఫీసులో ఇంకొకరితో షేర్ చేయండి. అయితే మీ నోటిఫికేషన్లు వాళ్లకు వర్తించవు, వాళ్ల అకౌంట్‌లో వాళ్లు పెట్టుకోవాల్సిందే. ఏటా రిపీట్ అయ్యేలా మాత్రం పెట్టకండి, రెన్యూ అయినప్పుడు నోటీసు రోజులు మారి ఉండొచ్చు.

ఈ పద్ధతిలో నాకు నచ్చని విషయం ఒకటే. ఇలా చేత్తో వేసినప్పుడు షీట్‌కీ క్యాలెండర్‌కీ లింక్ ఉండదు, తేదీ మారితే రెండు చోట్లా మార్చాలి. పది పదిహేను ఒప్పందాలున్న ఆఫీసుకు ఇది పెద్ద పని కాదు. వందల్లో ఉంటే దీనితో నెట్టుకురావడం కష్టం, దానికోసం తయారైన సాఫ్ట్‌వేరే తీసుకోండి.

"కార్డుకి ఎలాగూ ముందే మెసేజ్ వస్తుంది కదా" అంటారేమో. రిజర్వ్ బ్యాంక్ ఈ-మాండేట్ నిబంధనల ప్రకారం ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, నిజమే. కానీ మన ఉదాహరణలో నోటీసు గడువు అప్పటికి రెండు నెలల కిందటే దాటిపోయింది. మాండేట్ ఆపితే డబ్బు కట్ అవడం ఆగుతుందేమో గానీ ఒప్పందం రద్దు కాదు, ఇన్‌వాయిస్ పంపి అడగొచ్చు.

నోటీసు పంపేటప్పుడు జనవరి 30 దాకా ఆగకండి, ఓ వారం ముందే పంపండి. కొన్ని ఒప్పందాల్లో పంపిన తేదీ కాదు, వాళ్లకు అందిన తేదీ లెక్క. ఒప్పందంలో రాసిన మెయిల్ అడ్రస్‌కే పంపి, అందిందని జవాబు వచ్చాక దాని లింక్‌ని షీట్‌లో అదే వరుసలో, H కాలమ్‌లో పెట్టండి. H ఖాళీగా ఉన్నంతవరకు క్యాలెండర్‌లో ఆ ఈవెంట్‌ని తీసేయకండి.