షాపు అద్దె అగ్రిమెంటు: సంతకానికి ముందు వేయాల్సిన లెక్క

అందరికీ నమస్కారం. అద్దె గురించి చెప్పమంటే ఓనర్‌తో బేరం ఎలా ఆడాలో చెబుతాననుకుని ఉంటారు. దాని కంటే ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది.

టిఫిన్ సెంటర్ పెట్టాలనుకుందాం. షాపు అద్దె నెలకు 15,000. ఫ్లోరింగ్, నీళ్ల లైను, పొగ గొట్టం, కౌంటర్ అన్నీ కలిపి 3,60,000 పెట్టారు. ఖాళీ చేసేటప్పుడు వీటిలో మీతో వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. మూడేళ్లు నడిస్తే ఆ ఖర్చు నెలకు 10,000 పడుతుంది, అంటే అసలు అద్దె 25,000. ఏడాదికే పొమ్మంటే నెలకు 30,000 పడుతుంది, అసలు అద్దె 45,000 అవుతుంది. అద్దెలో 500 తగ్గించమని వారం రోజులు తిరిగేవాళ్లు కూడా ఈ లెక్క వేసుకోరు.

"మూడేళ్లకు రాసుకున్నాం కదండీ" అంటారు. 100 రూపాయల స్టాంపు పేపర్ మీద రాసి నోటరీ చేయిస్తే సరిపోదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. చేయించకపోతే ఆ మూడేళ్ల మాట కోర్టులో నిలబడదు. మామూలుగా నెలవారీ అద్దెగానే చూస్తారు, 15 రోజుల నోటీసుతో దాన్ని రద్దు చేయొచ్చు. సామాన్లు రోడ్డు మీద పడేసే హక్కు మాత్రం అప్పటికీ ఓనర్‌కు లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. కానీ గొడవలో ఉన్న షాపులో వ్యాపారం ఎలా నడుస్తుందో మీకు తెలుసు.

రెండు కుట్టు మిషన్లతో మొదలుపెట్టేవాళ్లకు 11 నెలల అగ్రిమెంటు చాలు. గోడలు, నేల మీద డబ్బు పెట్టేవాళ్లు మాత్రం రిజిస్ట్రేషన్ అడగాలి. మూడేళ్లలోపు ఓనర్ ఖాళీ చేయించకూడదని, మీరు మాత్రం రెండు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చని రాయించుకోండి. చాలా డ్రాఫ్టుల్లో ఇది సరిగ్గా తిరగేసి ఉంటుంది! ఓనర్ ఒప్పుకోకపోతే అద్దె పెంపు దగ్గర కొంచెం తగ్గండి. ఏటా 5 శాతం బదులు 10 శాతం ఇస్తే మూడేళ్లలో మీకు అదనంగా పడేది 28,350. 3,60,000కు రక్షణ దొరుకుతుందంటే నేనైతే ఇస్తాను.

సంతకానికి ముందు, ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపించే ఈసీ తీయించండి. ఆస్తి అన్నదమ్ముల ఉమ్మడిదైతే ఒక్కరి సంతకం చాలదు. బ్యాంకు తనఖా కనిపిస్తే, లీజుకు అభ్యంతరం లేదని బ్యాంకు నుంచి లెటర్ తెమ్మని ఓనర్‌నే అడగండి. అప్పు కట్టక బ్యాంకు బిల్డింగ్ స్వాధీనం చేసుకుంటే మీ అడ్వాన్స్ కోసం ఎవరి వెంట తిరుగుతారు? కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీలో ఉందో లేదో, పాత బకాయి ఏమైనా ఉందో బిల్లులో చూడండి.

అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో, రంగులకు ఎంత పట్టుకుంటారో అంకెల్లో రాయించుకోండి. "తగిన మొత్తం" అని రాసి ఉంటే కొట్టేయించండి.