అమ్మది జలుబు కాదు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, మన పెన్షనర్ల సంఘం సభ్యులందరికీ నమస్కారం. శాలువాలు, దండలు వద్దని ముందే చెప్పాను. నా మాట మన్నించారు, సంతోషం. ఆ మిగిలిన పది నిమిషాలు కూడా నాకే ఇవ్వండి.

ఆహ్వానపత్రంలో నా విషయం "వృద్ధాప్యంలో ఆరోగ్య సూత్రాలు" అని వేశారు. నడక, ఉప్పు, నిద్ర గురించి రాసుకొచ్చిన కాగితాలు జేబులో ఉన్నాయి. కానీ ఇందాక హాల్లోకి వస్తుంటే మూడో వరుసలో ఒక పెద్దాయన దగ్గుతూ కనిపించారు. ఆగి పలకరిస్తే, పక్కనున్నవారు "ఏం లేదు డాక్టరుగారూ, వర్షాలు కదా, జలుబు" అన్నారు. ఆ మాట విన్నాక ఆ కాగితాలు చదవబుద్ధి కావడం లేదు. ఒకప్పుడు నేనూ అచ్చం అదే మాట అన్నాను. మా అమ్మ గురించి అన్నాను. అప్పటికి నేను ఊపిరితిత్తుల డాక్టరుగా 28 ఏళ్లు పనిచేసి ఉన్నాను.

అమ్మకు అప్పుడు 79. బీపీ ఉంది, గుండె కాస్త బలహీనం, రోజూ పొద్దున ఒంట్లో నీరు తగ్గించే మాత్ర ఒకటి వేసుకునేది. అయినా తన పని తానే చేసుకునేది. పెరట్లో మందారాలు కోసుకుని గుడికి నడిచి వెళ్లొచ్చేది. ఊళ్లో మా తమ్ముడి దగ్గర ఉండేది. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి తమ్ముడి కూతురు హైదరాబాదు నుంచి మూడేళ్ల పాపను తీసుకుని వచ్చింది. పాపకు ముక్కు కారుతోంది, కొంచెం దగ్గు. పిల్లలకు మామూలేగా అనుకున్నారు. అమ్మ ఆ పాపను ఒళ్లోంచి దించలేదు. పెరుగన్నం ముద్దలు చేసి తినిపించింది, మిగిలిన రెండు ముద్దలు తను తింది. ముక్కు కారినప్పుడల్లా చీర చెంగుతో తుడిచింది. ఆ చెంగుతోనే తన మొహమూ తుడుచుకుంది.

వ్రతం శుక్రవారం. మళ్లీ బుధవారానికి అమ్మకు ముక్కు కారడం మొదలైంది. శుక్రవారానికి దగ్గు వచ్చింది. శనివారం మధ్యాహ్నం మా మరదలు ఫోన్ చేసింది. "బావగారూ, అత్తయ్యగారు రెండు రోజుల నుంచి దగ్గుతున్నారు. జ్వరం మాత్రం లేదు" అంది. నేను ఓపీలో ఉన్నాను, బయట జనం. "జ్వరం లేదుగా, జలుబే. ఆవిరి పట్టించు, వేడినీళ్లు ఇవ్వు" అని పెట్టేశాను. నిమిషం కూడా మాట్లాడలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు మందుల షాపులో అడిగితే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మూడు, ఒక దగ్గు సిరప్ ఇచ్చారు. వాణ్ణి తప్పు పట్టను. డాక్టరు అన్నయ్యే జలుబన్నాక వాడు ఇంకేం చేస్తాడు?

ఆదివారం రాత్రి అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకోలేకపోయింది. పడుకుంటే దగ్గు తెర, లేచి కూర్చుంటే కాస్త నయం. తెల్లవార్లూ గోడకు దిండు ఆనించుకుని కూర్చుంది. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు వినిపించాయట. సోమవారం ఉదయం కాఫీ ఇస్తే తాగలేదు. మా మరదలిని తన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. ఆ పిన్ని పోయి అప్పటికి 20 ఏళ్లు. అప్పుడు వాళ్లు భయపడి కారులో తీసుకొచ్చారు. వేలికి ఆక్సీమీటర్ పెడితే 86.

ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ నీరు పట్టినట్టు తెల్లగా ఉంది. కోవిడ్ టెస్టు నెగెటివ్, ఫ్లూ టెస్టు నెగెటివ్. నా శిష్యుడొకడు "సార్, పీసీఆర్ ప్యానెల్ పంపిద్దామా" అన్నాడు. చాలా వైరస్‌లను ఒకేసారి వెతికే పరీక్ష అది. రెండో రోజు రిపోర్టు వచ్చింది. ఆర్‌ఎస్‌వి పాజిటివ్.

ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. విన్నవాళ్లు మనవల విషయంలో విని ఉంటారు. రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్ అని పూర్తి పేరు. దీన్ని 1956లో అమెరికాలో మొదట చింపాంజీల్లో కనిపెట్టారు. ఆ చింపాంజీలకు ముక్కులు కారుతుంటే పరీక్షించి, చింపాంజీ జలుబు కారకం అని పేరు పెట్టారు. చూడండి, పుట్టుకతోనే దానికి జలుబు అనే పేరు అంటుకుంది. మరుసటి ఏడాది రాబర్ట్ చానక్ అనే ఆయన బాల్టిమోర్‌లో పసిపిల్లల్లో ఇదే వైరస్‌ను గుర్తించారు. అప్పటి నుంచి చిన్నపిల్లల వైరస్ అనే రెండో ముద్ర పడింది. మేం చదువుకున్న రోజుల్లో దీన్ని పిల్లల వార్డులోనే చదివాం. పెద్దవాళ్ల ఛాతీ దగ్గర స్టెతస్కోపు పెట్టినప్పుడు ఇది మాకు గుర్తొచ్చేది కాదు. ఈ రెండు ముద్రలే మా అమ్మ విషయంలో నన్ను ముంచాయి.

అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్లో ఆన్ ఫాల్సే అనే డాక్టరు బృందం నాలుగు చలికాలాలు వరుసగా వృద్ధులను గమనించి 2005లో ఫలితాలు ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలోనే ఏటా నూటికి 3 నుంచి 7 మందికి ఇది సోకింది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లలో 4 నుంచి 10 మందికి. ఆసుపత్రిలో చేరేదాకా వస్తే మాత్రం ఫ్లూతో చేరినవాళ్లకు, దీనితో చేరినవాళ్లకు ప్రాణాపాయం దాదాపు ఒకటే. ఫ్లూ అంటే అందరికీ భయం ఉంది. దీనికి జలుబు అన్న పేరుంది, అంతే తేడా.

చిన్నప్పుడు వచ్చింది కదా, మళ్లీ ఎందుకు వస్తుందని అడుగుతారు. ఒకసారి వస్తే జీవితాంతం రక్షణ ఇచ్చే జబ్బు కాదిది. పదేపదే వస్తుంది. పాతికేళ్లవాడికి నిజంగానే జలుబులా వచ్చి పోతుంది. వయసు మీద పడ్డాక అది ముక్కులో ఆగకుండా ఛాతీలోకి దిగుతుంది. సన్నటి గాలిగొట్టాల లోపలి పొర కణాలను ఒకదానిలో ఒకటి అతుక్కుపోయేలా చేస్తుంది, పేరులోని సిన్సీషియల్ అన్న మాటకు అర్థం అదే. ఆ పొర దెబ్బతిని రాలుతుంది, కఫం చేరుతుంది, గొట్టాలు పూడుకుంటాయి. అందుకే ఆ పిల్లికూతలు. ఆక్సిజన్ తగ్గేసరికి గుండె రెట్టింపు కష్టపడాలి. అది ముందే బలహీనమైతే చేతులెత్తేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అమ్మకు జరిగింది ఇదే. ఆర్‌ఎస్‌వితో ఆసుపత్రిలో చేరిన 50 దాటినవాళ్లలో నలుగురిలో దాదాపు ఒకరికి గుండె సమస్య తోడైందని అమెరికాలో ఆరు వేల మంది రికార్డులు చూసి 2024లో ప్రకటించారు. గుండె ఆయాసం అని రాసి పంపేస్తాం. దాని వెనక వైరస్ ఉందని ఎవరు వెతుకుతున్నారు?

వెతికినా తేలిగ్గా దొరకదు, అదొక ఇబ్బంది. పసిపిల్లల ముక్కులో వైరస్ కుప్పలుగా ఉంటుంది కాబట్టి పావుగంటలో తేలే కిట్ పనిచేస్తుంది. పెద్దవాళ్ల ముక్కులో అది చాలా తక్కువ. కిట్ నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు. పీసీఆర్ చేస్తేనే పట్టుబడుతుంది. దాని ఖర్చు ఎక్కువ, అన్ని ఊళ్లలో లేదు. పైగా మామూలుగా దీన్ని చంపే మందంటూ ఏమీ లేదు. ఆక్సిజన్, నెబులైజర్, గుండెకు, నీటికి మందులు, కాపలా. యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు. మందుల షాపులో ఇచ్చే జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే మందు బీపీని పెంచుతుంది, గుండె జబ్బున్నవాళ్లు అడక్కుండా వేసుకోవద్దు.

అందుకే నేను టెస్టు గురించి కాదు, ప్రశ్న గురించి మాట్లాడదామని లేచాను. ఆ శనివారం నేను అడిగింది ఒక్కటే, జ్వరం ఉందా అని. ఇందులో జ్వరం ఎక్కువగా ఉండదు, ముసలితనంలో అసలే రాకపోవచ్చు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి పడుకోగలిగిందా, కూర్చునే ఉందా? రోజూ తినేదాంట్లో ఎంత తింది? బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం వస్తోందా? మాట తడబడుతోందా, మనుషుల పేర్లు మారుస్తోందా? ముక్కు కారడం మొదలైన మూడో రోజు, నాలుగో రోజు తగ్గుతోందా, ఛాతీలోకి దిగుతోందా? ఆ రోజు నేను పడక సంగతి గమనిస్తూ ఉండమని ఒక్క మాట చెప్పి ఉంటే ఆదివారం రాత్రే వచ్చేది.

మీరంతా నాకు ఒక పని చేసిపెట్టాలి. ఇప్పుడే, ఇక్కడే. మీ పక్కవారి పొట్టను చూడండి. ఇంట్లో చూసేటప్పుడు మాత్రం వాళ్లకు చెప్పకండి, చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. పొట్ట లేచి దిగితే ఒకటి. నేను గడియారం చూస్తాను, పూర్తి నిమిషం. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయొద్దు.

సరే, చాలు. 12 నుంచి 20 మధ్య వచ్చినవాళ్లు క్షేమం. కూర్చుని ఉండగా 24 దాటితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. 30 దగ్గరకొస్తే బండి ఎక్కించండి, ఫోన్ చేస్తూ కూర్చోకండి.

కోవిడ్ రోజుల్లో ఇంటింటా కొన్న ఆక్సీమీటర్లు ఏమయ్యాయి? బీరువాలో అడుగున ఉంటాయి, సెల్లు కారిపోయి ఉంటాయి. ఈ సాయంత్రం తీసి కొత్త సెల్లు వేయండి. గోరింటాకు పండిన వేలికి, నెయిల్ పాలిష్ ఉన్న వేలికి, చల్లబడ్డ వేలికి లెక్క తప్పు రావచ్చు. చెయ్యి రుద్ది వెచ్చబరిచి, కాసేపు కూర్చున్నాక చూడండి. 94 కంటే తగ్గితే డాక్టరు, 90కి దిగితే ఆసుపత్రి. పాత ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు ఈ లెక్క వేరు. బాగున్నప్పుడు మీ అంకె ఎంతో ముందే రాసి పెట్టుకోండి.

టీకా ఉందా అని ఆ చివర నుంచి ఎవరో అడుగుతున్నారు. ఉంది. పెద్దవాళ్లకు మొదటి రెండు టీకాలకు అమెరికా 2023 మేలో అనుమతి ఇచ్చింది. అక్కడ 75 దాటిన వాళ్లందరికీ, అంతకంటే చిన్నవాళ్లలో గుండె, ఊపిరితిత్తుల జబ్బుల లాంటివి ఉన్నవాళ్లకు 50 ఏళ్ల నుంచే ఇస్తున్నారు. ఇప్పటికి ఒక్క డోసే. మీలో చలికాలం అమెరికాలో పిల్లల దగ్గరికి, పసివాళ్ల కోసం వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ దీని సీజన్ సరిగ్గా అదే. టికెట్ కొనేముందే మీ డాక్టరుతో టీకా గురించి మాట్లాడండి. మన వైపు వానల కాలంలో జాగ్రత్త. మనవలకు ముక్కు కారుతుంటే ఎత్తుకోవద్దని నేను చెప్పలేను, చెప్పినా మీరు వినరు. చెంగుతో తుడవకండి. ఎంగిలి ముద్ద తినకండి. సబ్బుతో చేతులు కడుక్కోండి, సబ్బుకు ఈ వైరస్ నిలవదు.

అమ్మ పదకొండు రోజులుండి ఇంటికొచ్చింది. బతికింది, అందరూ అదృష్టం అన్నారు. కానీ మందారచెట్టు దాకా మళ్లీ తనంతట తాను నడవలేదు. వీధిగుమ్మంలో కుర్చీ వేసుకుని, పూలు కోసి తెమ్మని మా మరదలికి చెప్పేది. ఏడాదిన్నర అలాగే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు.

ఇంకా చెప్పాల్సింది ఉంది గానీ, మూడో వరుసలో ఆ పెద్దాయన దగ్గు ఇంకా వినిపిస్తూనే ఉంది. అయ్యా, మీరు లేవకండి, నేనే కిందికి వస్తున్నాను. రాత్రి పడుకున్నారా, కూర్చునే ఉన్నారా? అధ్యక్షులవారూ, ఈ మైకు కాస్త అందుకోండి.