గవర్నర్ మారితే చచ్చిపోయే ప్రశ్న

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న సోషల్ టీచర్లకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి.

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తాను. ఒక పరీక్షకు 'ప్రస్తుత రాష్ట్ర గవర్నర్ ఎవరు?' అని రాశాను. పేపర్లు ప్రింటయి సీలు వేసిన కట్టల్లో ఉండగానే గవర్నర్ మారారు. కొందరు పాత పేరు పెట్టారు, కొందరు కొత్త పేరు. కీ మీద గొడవ. చివరికి అందరికీ ఒక మార్కు కలిపారు. చదివినవాడికీ అదే మార్కు, చదవనివాడికీ అదే మార్కు! నాకు ఇప్పటికీ మండుతుంది.

వార్తలు వదిలేయమని కాదు. వార్త కింద ఉన్న రూలు పట్టుకోండి. 1991 జూన్‌లో పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయినప్పుడు ఏ సభలోనూ సభ్యుడు కారు. నవంబరులో నంద్యాల నుంచి గెలిచారు. 'ఎక్కడి నుంచి గెలిచారు?' అంటే బట్టీ. అసలు అంత తొందరగా ఎందుకు గెలవాల్సి వచ్చింది? అక్కడుంది ప్రశ్న. దాన్ని రాష్ట్రానికి మార్చి ఇలా రాశాను:

'ఏ సభలోనూ సభ్యుడు కాని వ్యక్తి మార్చి 1న మంత్రి అయ్యాడు. ఆరు నెలలు దాటినా ఎన్నిక కాలేదు. అదే శాసనసభ కొనసాగుతోంది. ఇప్పుడేమవుతుంది?'

జవాబు, పదవి పోతుంది. 164వ అధికరణం నాలుగో క్లాజు. కానీ ప్రశ్నకు ప్రాణం తప్పు ఆప్షన్లలో ఉంటుంది. 'రాజీనామా చేసి మళ్లీ ప్రమాణం చేస్తే ఇంకో ఆరు నెలలు ఉండొచ్చు' అని ఒకటి పెట్టాను. తెలివైనవాళ్లు అక్కడే పడతారు. పంజాబ్‌లో నిజంగానే అలా చేశారు. ఎన్నిక కాకుండా అదే సభ కాలంలో మళ్లీ మంత్రిని చేయడం చెల్లదని 2001లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇంకో మాట. మొదటి డ్రాఫ్టులో 'ఎమ్మెల్యేగా ఎన్నిక కాలేదు' అని రాశాను. ఎమ్మెల్సీ అయినా చాలు కదా సార్ అని ఒక కుర్ర టీచర్ పట్టేశాడు. సరే, 'ఆంధ్రప్రదేశ్‌లో' అని రాసి మండలిని కలుపుదామా? మన మండలి 1985లో పోయింది, 2007లో తిరిగొచ్చింది. 2020లో రద్దు కోరుతూ తీర్మానం చేశారు, 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అందుకే రాష్ట్రం పేరు తీసేసి 'రెండు సభలున్న ఒక రాష్ట్రంలో' అని మొదలుపెట్టి, 'ఏ సభకూ ఎన్నిక కాలేదు, నామినేట్ కూడా కాలేదు' అని దిద్దాను.

అయితే రూలు కూడా శాశ్వతం కాదండోయ్. పార్టీలో మూడో వంతు మంది చీలితే అనర్హత ఉండదని పాత గైడ్లలో ఉండేది. 2003లో 91వ సవరణ దాన్ని ఎత్తేసింది. కాబట్టి ప్రతి ప్రశ్న పక్కన అధికరణం నంబరు, చివరిసారి సరిచూసిన తేదీ పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. సవరణ వచ్చిన రోజు ఏవి తీసేయాలో తెలుస్తుంది.

చీటీ వచ్చేసింది. మీ సంచుల్లో పోయినేడాది పేపర్లున్నాయి కదా, తీయండి. 'ప్రస్తుత', 'ఇటీవల' అన్న మాటల కింద గీత గీయండి. టీ తర్వాత వాటినే తిరగరాద్దాం.